రిపోర్టులో 1.6 సెం.మీ., చెరువు నడుమ 31 సెం.మీ.: తప్పెక్కడ?

మత్తడి_కాడ
సిద్దిపేట దిక్కు ఒక ఎండిన చెరువు. పొడవు 1100 మీటర్లు, అడ్డం 450, మొత్తం 120 ఎకరాల పైచిలుకు. ఆర్థోమొజాయిక్ ఒకటి, నీళ్ల కెపాసిటీ లెక్కకు ఎత్తుల మోడల్ డీఎస్ఎమ్ ఒకటి ఇయ్యాలె. ఫాంటమ్ 4 ప్రో, 80 మీటర్ల ఎత్తు, ముందుకు 75 శాతం, పక్కకు 65 శాతం ఓవర్‌ల్యాప్. కెమెరా నిటారుగ కిందికే. 12 లైన్లల్ల 670 ఫోటోలు వచ్చినయి. నేల మీద గుర్తు పెట్టి కొలిచిన జీసీపీలు 6: నాలుగు కట్ట మీద, రెండు అవతలి ఒడ్డున బండ్లబాట మీద. నడుమ అంతా తుమ్మకంప, బురద ఉన్నదని అక్కడ ఒక్కటి గూడ పెట్టలె.

ఫోటోలు కలిపే సాఫ్ట్‌వేర్ మెటాషేప్ ఇచ్చిన రిపోర్టు సక్కగనే ఉన్నది. అడ్డంల 1.1 సెం.మీ., ఎత్తుల 1.6 సెం.మీ. అనుమానం తీరుస్కుందామని మొన్న జీపీఎస్ రోవర్ పట్టుకొని పోయి కొత్తగ 5 పాయింట్లు తీసి డీఎస్ఎమ్‌తోని పోల్చిన. డీఎస్ఎమ్‌ల నుంచి రోవర్ ఎత్తు తీసేస్తే గిట్ల వచ్చింది:

చెరువు నడుమ మూడు పాయింట్లు: +27, +31, +22 సెం.మీ.
కట్ట దగ్గర ఒకటి: +4
అవతలి ఒడ్డు దగ్గర ఒకటి: −3

ఏది నమ్మాలె? రిపోర్టునా, రోవర్‌నా?

సున్నం_ముగ్గు
రోవర్‌నే నమ్ము. రిపోర్టు సాఫ్ట్‌వేర్ తనకి తాను ఇచ్చుకున్న కాండక్ట్ సర్టిఫికెట్.

ఆర్టీకే_రాజు
ఇందుకే పాత ఫాంటమ్‌లు వదిలేయమనేది. ఆర్టీకే డ్రోన్ అయితే జీసీపీల గొడవే ఉండదు. ఫోటో తీసిన చోటు 2-3 సెం.మీ.లో తెలిసిపోతుంది, ఇంక నేల మీద ముగ్గులెందుకు?

పనోరమా_ప్రసాద్
670 ఫోటోలకి ఇంత సాఫ్ట్‌వేర్ ఎందుకండీ? ఫోటోషాప్‌లో ఫోటోమెర్జ్ ఉంది కదా, ఓవర్‌ల్యాప్ ఉంటే అదే కలిపేస్తుంది. పెళ్లి ఫోటోలు అలాగే కలుపుతాం.

సున్నం_ముగ్గు
@పనోరమా_ప్రసాద్ పెళ్లి ఫోటోలో మామగారి బొజ్జ 30 సెం.మీ. అటూ ఇటూ అయినా ఎవరూ కొలవరు గురూ.

కొలత_కామేశ్వరి
ప్రసాద్ గారూ, మీరు కలిపేది ఒకే చోట నిలబడి కెమెరా తిప్పుతూ తీసిన ఫోటోలు. ఇక్కడ కెమెరా 20 మీటర్లకోసారి జరుగుతోంది, ప్రతి ఫోటో మధ్యలోంచి అంచులకి వెళ్లేకొద్దీ గట్టు, చెట్టు పక్కకి వాలినట్టు పడతాయి. ముందు ఒకే రాయి ఏయే ఫోటోల్లో ఎక్కడుందో వెతికి, దాన్నుంచి కెమెరా స్థానాలూ నేల ఎత్తూ లెక్కకట్టి, ఆ ఎత్తు మీద ప్రతి ఫోటోనీ పరిచి వాలు తీసేస్తేనే అది ఆర్థో. ఉత్తినే అతికిస్తే బొమ్మ అందంగా వస్తుంది, కొలతకి పనికిరాదు.

ఇక అసలు ప్రశ్న. మత్తడి గారూ, రిపోర్టూ అబద్ధం చెప్పలేదు, రోవరూ అబద్ధం చెప్పలేదు. రెండూ వేరే ప్రశ్నలకి జవాబులు. రిపోర్టులోని 1.6 మీరు కంట్రోల్‌గా ఇచ్చిన ఆ ఆరు పాయింట్ల దగ్గర మిగిలిన తేడా. సాఫ్ట్‌వేర్ మోడల్ మొత్తాన్ని లాగి, వంచి, ఆ ఆరింటికీ తగిలేలా చేసింది. తగిలించిన చోటే మళ్లీ కొలిస్తే తేడా తక్కువే ఉంటుంది. ఏ లెక్కలోకీ ఇవ్వని పాయింటు దగ్గర తేడా ఎంత అన్నదే అక్యూరసీ. మీ ఐదు పాయింట్లూ అవే.

జవాబు చెప్పేముందు రెండు సంగతులు కావాలి. ఆ ఐదు పాయింట్లూ దేని మీద తీశారు? నడుమ బురద అన్నారు కదా, రోవర్ కర్ర ఎంత దిగింది?

మత్తడి_కాడ
మేడమ్, నడుమ మూడింటిల ఒకటి పాత మోటారు దిమ్మె, ఒకటి బోరు గద్దె. రెండూ ఫోటోలల్ల సాఫుగ కనిపిస్తయి. మూడోది ఉట్టి నేల, ఎండి పర్రెలు పెట్టిన నల్లమట్టి. ఇప్పుడు బురద లేదు, ఫ్లైట్ చేసిన నాడు ఉండె. కర్ర దిగకుండ కింద టైల్ ముక్క పెట్టి, దాని మందం తీసేసిన. అన్నిటికి ఫిక్స్‌డ్ వచ్చినంకనే రికార్డ్ చేసిన, ఫ్లోట్‌ల ఒక్కటి తీయలె.

కొలత_కామేశ్వరి
టైల్ ముక్క పెట్టిన మనిషిని నేను అనుమానించను. దిమ్మె మీద ఎత్తు దాని నడిమధ్యలో తీసుకున్నారా, మూలనా?

మత్తడి_కాడ
నడుమనే. మూలల ఎత్తులు డీఎస్ఎమ్‌ల నున్నగ జారినట్టు ఉన్నయి.

కొలత_కామేశ్వరి
అదే అడగబోయాను. డీఎస్ఎమ్‌లో నిటారు అంచు ఎప్పుడూ కొంచెం కరిగిపోతుంది. అంచు దగ్గర ఎత్తు తీసుకుని సరిచూస్తే లేని తప్పు కనపడుతుంది. మూల ఆర్థోలో అడ్డం సరిచూడటానికి, చదునైన నడుమ భాగం ఎత్తు సరిచూడటానికి.

ఇప్పుడు మీ ఐదు అంకెల ఆకారం చూడండి. పోల్ ఎత్తు 2 మీటర్లకి బదులు 1.8 అని కొట్టినా, సముద్రమట్టపు జియాయిడ్ తికమకపడినా, ఐదు చోట్లా ఒకే తేడా వచ్చేది. మీకు అంచుల్లో 3-4 సెం.మీ., నడుమ 30. అంటే మోడల్ అంచుల దగ్గర నేలకి అతుక్కుని నడుమ ఉబ్బింది, నూనెలో పూరీ లాగా. డోమింగ్ అంటారు. బోర్లించిన గిన్నెలా రావచ్చు, వెల్లకిలా గిన్నెలానూ రావచ్చు, లెన్స్ తప్పు ఎటు పడిందో దాన్నిబట్టి.

ఓడీఎం_ఉచితం
ఆర్ఎమ్ఎస్ఈ కట్టి చూశా: 27, 31, 22, 4, 3 వర్గాలు కలిపితే 2199, ఐదుతో భాగించి వర్గమూలం తీస్తే 21 సెం.మీ. సగటు తేడా +16. ఊరికే 16 సెం.మీ. దించేద్దామా అనిపిస్తుంది కానీ, దించితే కట్ట దగ్గర 12 సెం.మీ. పల్లం వస్తుంది, నడుమ ఇంకా 15 మిగుల్తుంది.

మత్తడి_కాడ
ఆ పని చేయబోయిన. చెప్పి బతికించినవ్ అన్నా.

ఆర్టీకే_రాజు
ఉబ్బు ఎందుకొస్తుంది మరి? ఓవర్‌ల్యాప్ తక్కువయ్యి ఉంటుంది. 75/65 చాలదు, 85/80 పెట్టి ఎగరేయండి, సరిపోతుంది.

కొలత_కామేశ్వరి
రాజు గారూ, ఓవర్‌ల్యాప్ పెంచితే జోడీలు దొరకడం మెరుగవుతుంది, తుమ్మకంప దగ్గర చిల్లులు తగ్గుతాయి. ఉబ్బు మాత్రం దాంతో పోదు.

కారణం ఇది. సాఫ్ట్‌వేర్‌కి లెన్స్ వంపు ముందుగా తెలియదు, మీ ఫోటోల నుంచే ఊహించుకుంటుంది. ఫోటోలన్నీ ఒకే ఎత్తు నుంచి, అన్నీ నిటారుగా కిందికే చూస్తే దానికి రెండు కథలు ఒకేలా కనిపిస్తాయి. లెన్స్ వంపు ఇంత, నేల చదును అన్నది ఒకటి. లెన్స్ వంపు ఇంకొంచెం తక్కువ, నేల కొంచెం గుండ్రం అన్నది రెండోది. రెండింటిలోనూ ఫోటోల మీద పాయింట్లు దాదాపు ఒకే పిక్సెల్‌లో పడతాయి. చదునైన నేల అయితే మరీ కష్టం. మీ చెరువు అడుగు చదునే. ఆ లెన్స్ వంపు చెప్పే అంకె k1లో చిన్న పొరపాటు పక్కపక్క ఫోటోల మధ్య వెంట్రుకవాసి కోణం తేడాగా మొదలై, 55 ఫోటోల లైను పొడుగునా కూడుకుంటూ పోతుంది. కట్ట మీదా ఒడ్డునా జీసీపీలు అంచుల్ని పట్టుకున్నాయి. నడుమ పట్టుకునేవాడు లేడు.

మీరన్న ఆర్టీకే ఈ ఉబ్బుని చాలామటుకు తగ్గిస్తుంది, నిజమే, ప్రతి కెమెరా స్థానమూ గుంజలా నిలబడుతుంది కాబట్టి. కానీ అక్కడ వేరే జబ్బు. ఫోటోలన్నీ ఒకే ఎత్తులో ఉంటే ఫోకల్ లెంగ్త్‌లో పొరపాటు నేల మొత్తాన్నీ సమానంగా పైకో కిందికో జరుపుతుంది. అడ్డంలో అంతా బ్రహ్మాండంగా ఉండి, ఎత్తు మాత్రం మొత్తం 8-10 సెం.మీ. తప్పొచ్చు. దాన్ని పట్టడానికి కనీసం ఒక్క జీసీపీ కావాలి. సరిచూసుకోడానికి విడిగా చెక్ పాయింట్లు ఎలాగూ కావాలి.

ఆర్టీకే_రాజు
ఒక్కటి పెడతాం లెండి. ఆరు, పది అంటేనే ఒళ్లు నొప్పి.

గొలుసు_లింకులు
ఇదంతా సరే. నాకు ఈ ఆర్థోల మీద నమ్మకం పోయింది వేరే కారణంతో. మత్తడిగారిలాంటిదే ఒక కట్ట, సిద్దిపేట ప్రాంతమే. టోటల్ స్టేషన్‌తో రెండు రాళ్ల మధ్య 600.00 మీటర్లు. ఆర్థో మీద కొలిస్తే 600.10. పది సెంటీమీటర్లు ఎక్కడి నుంచి పుట్టాయి? స్కేల్ తప్పు అన్నమాట. మన గొలుసే నయం.

సున్నం_ముగ్గు
గొలుసు సాగదా గురువుగారూ ఎండకి?

గొలుసు_లింకులు
సాగుతుంది, కానీ ఎంత సాగిందో మాకు తెలుసు.

కొలత_కామేశ్వరి
@గొలుసు_లింకులు ఈ పది సెంటీమీటర్లు ఎక్కడివో కూడా తెలుసండీ. తప్పు ఆర్థోది కాదు, మ్యాపు గ్రిడ్ యూటీఎమ్‌ది. 44వ జోన్ నడిమి గీత 81 డిగ్రీల రేఖాంశం. సిద్దిపేట దానికి పడమరగా దాదాపు 228 కిలోమీటర్లు, అక్కడ ఈస్టింగ్ 2,72,000 దగ్గర ఉంటుంది. నడిమి గీత మీద స్కేల్ 0.9996, దూరం పోయేకొద్దీ పెరిగి అక్కడికి 1.00024 అవుతుంది. నేల ఎలిప్సాయిడ్‌కి 430 మీటర్ల పైన ఉంది కాబట్టి 0.00007 తగ్గించండి. మిగిలింది 1.00017. 600 మీటర్లకి 10 సెం.మీ. అక్షరాలా మీ అంకె.

అదే పని ఏలూరులో చేస్తే తేడా తిరగబడుతుంది. ఏలూరు 81 డిగ్రీల గీత పక్కనే కాబట్టి కిలోమీటరుకి 40 సెం.మీ. తక్కువ చూపిస్తుంది. క్యూజీఐఎస్‌లో కొలిచేటప్పుడు కార్టీసియన్ కాకుండా ఎలిప్సాయిడల్ ఎంచుకుంటే గ్రిడ్ ముక్క పోతుంది. ఎత్తు ముక్క ఇంకా ఉంటుంది, 600 మీటర్లకి 4 సెం.మీ.

గొలుసు_లింకులు
లెక్క ఒప్పుకున్నాను. కానీ రైతు అడిగేది నేల మీద దూరం, గ్రిడ్ దూరం కాదు. మ్యాపు మీద స్కేల్ ఫ్యాక్టర్ రాయకుండా ఇచ్చేవాళ్లదే తప్పు.

కొలత_కామేశ్వరి
అది నూటికి నూరు పాళ్లు.

తీరం_సర్వేయర్
మధ్యలో నాదొకటి. మచిలీపట్నం దగ్గర రొయ్యల చెరువులు, రోవర్ ఎత్తులన్నీ మైనస్‌లో వస్తున్నాయి, పదుల మీటర్లు. సముద్రం కన్నా లోతులో ఉన్నామా ఏంటి? ఆర్థో అయితే చక్కగా కూర్చుంది.

ఓడీఎం_ఉచితం
మునిగిపోలేదు అన్నా. రోవర్ చెప్పేది ఎలిప్సాయిడ్ నుంచి ఎత్తు. మన దగ్గర సముద్రమట్టం ఎలిప్సాయిడ్‌కి చాలా కింద ఉంటుంది, హైదరాబాద్ దగ్గర 76 మీటర్ల దాకా. మీ నేల సముద్రమట్టానికి రెండు మూడు మీటర్లే పైన కాబట్టి ఎలిప్సాయిడ్ ఎత్తు మైనస్. ఆర్థో అడ్డం కొలత కాబట్టి దానికి పట్టింపు లేదు. ప్రమాదం ఎక్కడంటే, జీసీపీలు ఒక రకం ఎత్తులోనూ చెక్ పాయింట్లు ఇంకో రకంలోనూ ఇచ్చినప్పుడు. అప్పుడు తేడా 70 మీటర్ల పైన వస్తుంది, అంత పెద్దది కాబట్టి వెంటనే దొరికిపోతుంది. అదొక అదృష్టం.

మత్తడి_కాడ
నాకు ఈ ముచ్చట అవసరమే. డిపార్ట్‌మెంటోళ్లు మత్తడి మట్టం సముద్రమట్టం నుంచి అడుగుతున్నరు. సముద్రమట్టానికి మార్చే ఈజీఎమ్ మోడల్ పెట్టి మారిస్తే సరిపోతదా?

కొలత_కామేశ్వరి
దగ్గరికి వస్తుంది, సరిపోదు. మోడల్‌కీ ఆ ఊరి బెంచ్‌మార్క్‌కీ మధ్య డెసిమీటర్లలో తేడా ఉండొచ్చు. మత్తడి మీదో తూము మీదో వాళ్ల బెంచ్‌మార్క్ ఉంటే దాని మీద రోవర్ పెట్టి, ఆ ఒక్క తేడానీ అన్ని జీసీపీలకీ కలపండి. ఒక్క కిలోమీటరు చెరువులో ఆ తేడా దాదాపు ఒకటే. నీళ్లు పొర్లేది మత్తడి మీదుగా కదా, మీ లెక్క కూడా దాన్నుంచే మొదలవ్వాలి.

ఉబ్బుని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నడుమ 60 ఎకరాలు సగటున 25 సెం.మీ. పైకి లేచిందనుకుంటే కెపాసిటీలో దాదాపు 60 వేల ఘనపు మీటర్లు గల్లంతు.

మత్తడి_కాడ
అమ్మో. పూడిక తీసే కాంట్రాక్టర్ పండుగ చేస్కుంటడు.

మరి ఏం చేయాలె? మళ్ల ఎగరేయకుండ దారి ఉందా?

ఆర్టీకే_రాజు
పాత ఫ్లైట్‌లోని కెమెరా క్యాలిబ్రేషన్ ఫైలు ఉంటే దాన్నే ఫిక్స్ చేసి ప్రాసెస్ చేయండి. లెన్స్‌ని ఊహించుకోనివ్వకపోతే ఉబ్బే రాదు.

కొలత_కామేశ్వరి
సగం మంచి సలహా. ఆ పాత ఫ్లైట్ ఏటవాలు ఫోటోలతో, ఎత్తు తేడాలున్న చోట తీసినదైతేనే. ఇలాంటి చదును నేల మీద నిటారు ఫ్లైట్ అయితే తప్పు క్యాలిబ్రేషన్‌నే మేకు కొట్టి బిగించినట్టు. పైగా ఫాంటమ్ 4 ప్రో ఫోకస్ కదిలేది, మేలో మధ్యాహ్నం తీసిన లెన్స్ డిసెంబరు పొద్దుట లెన్స్ కాదు.

ఆర్టీకే_రాజు
ఫోకస్ లాక్ చేసి పెట్టుకునేవాళ్లకి ఆ తేడా అంత ఉండదు. నేను ఒప్పుకోను.

కొలత_కామేశ్వరి
సరే, ఒప్పుకోకండి. చెక్ పాయింట్లు చెప్తాయి.

@మత్తడి_కాడ ఎగరేయకుండా ముందు ఇది చూడండి. మోటారు దిమ్మె, బోరు గద్దె ఫోటోల్లో కనపడుతున్నాయన్నారు. వాటి మూలల కోఆర్డినేట్లు రోవర్‌తో తీసి, రెండింటినీ కంట్రోల్‌లోకి మార్చండి. మెటాషేప్‌లో Reference పేన్‌లో టిక్ ఉన్న మార్కర్ కంట్రోల్, టిక్ తీసేసింది చెక్. రెండోది, అదే పేన్‌లో కెమెరాలన్నిటికీ టిక్ తీసేయండి. ఈ డ్రోన్ ఫోటోలో రాసే ఎత్తు నిజం ఎత్తుకి పదుల మీటర్లు తప్పు ఉండొచ్చు, అది మీ జీసీపీలతో కుస్తీ పట్టకూడదు. ఆ తర్వాత Optimize Cameras, అందులో f, cx, cy, k1, k2, k3, p1, p2 మాత్రమే. మిగతావన్నీ టిక్ పెడితే కంట్రోల్ పాయింట్ల దగ్గర తేడా ఇంకా తగ్గి మురిపిస్తుంది, నడుమ ఇంకా వంగుతుంది.

తర్వాత డెప్త్ మ్యాప్ నుంచి మళ్లీ మొత్తం చేయాలి. పాత డీఎస్ఎమ్ అలాగే ఉంచి కొత్త రిపోర్టు మాత్రం చూసి సంతోషపడేవాళ్లు ఉంటారు.

ఓడీఎం_ఉచితం
లైసెన్సు లేనివాళ్ల కోసం: ఉచిత సాఫ్ట్‌వేర్ ఓడీఎమ్‌లో ఇదే పని gcp_list.txt తో. మొదటి లైను ప్రొజెక్షన్, తర్వాత ప్రతి ఫోటోకి ఒక లైను. ఈస్టింగ్, నార్తింగ్, ఎత్తు, ఆ ఫోటోలో మార్కర్ నడిమి పిక్సెల్ అడ్డం, నిలువు, ఫోటో పేరు, పాయింటు పేరు.

```
EPSG:32644
272415.382 2002630.117 428.317 2140 1833 DJI_0147.JPG G3
272415.382 2002630.117 428.317 2155 2744 DJI_0148.JPG G3
```

ఒక్కో జీసీపీని కనీసం 3 ఫోటోల్లో గుర్తించాలి, 6-8 అయితే ఇంకా మేలు. చెక్ పాయింట్లని ఈ ఫైల్లో పెట్టొద్దు, విడిగా ఉంచండి. డీఎస్ఎమ్ వచ్చాక ఒక్కో చోట ఎత్తు ఇలా తీయొచ్చు:

```
gdallocationinfo -valonly -geoloc dsm.tif 272688.50 2002471.90
```

వచ్చిన అంకెలోంచి రోవర్ ఎత్తు తీసేస్తే తేడా.

జోన్ చూసుకోండి. 78 డిగ్రీలకి పడమర ఉంటే, తాండూరు, జహీరాబాద్, అనంతపురం లాంటివి, 43వ జోన్. అక్కడ 32643 రాయాలి.

తీరం_సర్వేయర్
ఇచ్ఛాపురం అయితే 45 కదా?

ఓడీఎం_ఉచితం
అవును, 84 దాటింది. మర్చిపోయా.

మత్తడి_కాడ
(రెండు దినాల తర్వాత)
కామేశ్వరి మేడమ్ చెప్పినట్టే చేసిన. దిమ్మె, గద్దె కంట్రోల్‌ల కలిపినంక నడుమ మిగిలిన నేల పాయింటు +22 నుంచి +7కు దిగింది. కట్ట దగ్గరిది +3, అవతలిది −2.

సున్నం_ముగ్గు
పూరీ చపాతీ అయింది.

కొలత_కామేశ్వరి
రోగం పేరు ఖాయమైంది, మందు ఇంకా పడలేదు. మూడు చెక్ పాయింట్లతో ఏదీ తేల్చలేం. నడుమ 7 ఇంకా ఉబ్బే. రెండు మేకులు కొట్టి బట్టని కిందికి లాగాం, మేకుల మధ్య అది ఎక్కడ లేచి ఉందో మనకి తెలియదు.

కెపాసిటీ లెక్కకి ఇవ్వాలంటే మళ్లీ ఎగరేయండి. ఈసారి రెండు గ్రిడ్‌లు. మొదటిది ఇప్పటిలాగే. రెండోది దానికి అడ్డంగా, ఎత్తు 100 మీటర్లు, గింబల్ నిటారు నుంచి 20-25 డిగ్రీలు ఎత్తి. వేరే ఎత్తు, వాలు చూపు కలిశాయంటే ఆ రెండు కథల్లో ఒకటే నిలబడుతుంది. రెండో గ్రిడ్‌లో లైన్ల మధ్య దూరం ఎక్కువున్నా పర్లేదు, దాని పని లెన్స్‌ని పట్టుకోవడం. కలిపి ప్రాసెస్ చేసేటప్పుడు రెండూ ఒకే కెమెరా గ్రూపులో ఉండాలి.

నడుమ 4 జీసీపీలు కలిపి మొత్తం 10 చేయండి. ఇంకో 9-10 చెక్ పాయింట్లు, కట్ట మీద కాదు, చెరువు అడుగంతా చెదురుగా. ఏది కంట్రోల్, ఏది చెక్ అన్నది ప్రాసెస్ చేయకముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. చేశాక రాస్తే, తేడా ఎక్కువొచ్చిన పాయింటు మెల్లగా కంట్రోల్‌లోకి జారుకుంటుంది.

ఆర్టీకే_రాజు
ఆ చివరి మాట ఎవరి గురించో మాకందరికీ తెలుసు 😄

మత్తడి_కాడ
మార్కర్లు సున్నంతోని ప్లస్ గీసిన పోయినసారి. ఇప్పుడు గూడ అదే చాలునా?

సున్నం_ముగ్గు
నా పేరు చూసి అడిగావా? సున్నం వద్దు. గీత 15 సెం.మీ. లావు అవుతుంది, అంచు చెదిరిపోతుంది, నడిమి బిందువు ఎక్కడో ఒక్కొక్కరికి ఒక్కోలా కనపడుతుంది. ఎండలో తెలుపు పేలిపోయి ఇంకా లావుగా పడుతుంది. నీ లెక్కన 80 మీటర్లకి ఒక పిక్సెల్ 2.2 సెం.మీ. 60 సెం.మీ. చదరం ఫ్లెక్స్ మీద నలుపు తెలుపు త్రికోణాలు ఎదురెదురుగా వేయించు, 27 పిక్సెళ్లు వస్తాయి, నాలుగు కొసలు కలిసే చోటు పిక్సెల్‌లో సగానికి దొరుకుతుంది. నిగనిగలాడే ఫ్లెక్స్ కాకుండా మ్యాట్. నాలుగు మూలలా మేకులు, లేదంటే గాలికి లేస్తుంది. నడుమ చిన్న బెజ్జం పెట్టి అందులోంచే నేలలోకి ఒక మేకు కొట్టు, రోవర్ కొన దాని తల మీదే పెట్టాలి. మేకలున్న ఊరైతే ఒక కుర్రాడిని కాపలా పెట్టు, ఫ్లెక్స్ నమలడానికి వస్తాయి.

తీరం_సర్వేయర్
మా దగ్గర కొంగలు వచ్చి కూర్చుంటాయి, తెల్లటి దాని మీద తెల్లటిది.

కొలత_కామేశ్వరి
ఒక్కో జీసీపీ రెండుసార్లు కొలవండి, మధ్యలో ఒక గంట తేడాతో, రోవర్‌ని మళ్లీ ఇనిషియలైజ్ చేసి. రెండు రీడింగులూ 2 సెం.మీ. లోపు కలవకపోతే ఆ పాయింటు వాడొద్దు. కర్రకి బైపాడ్ తప్పనిసరి, చేత్తో పట్టుకుంటే బుడగ నడుమ ఉన్నట్టే ఉంటుంది, ఉండదు.

మత్తడి_కాడ
(వారం తర్వాత)
చెప్పినట్టే చేసిన. రెండో గ్రిడ్‌ల 230 ఫోటోలు. 10 జీసీపీలు, 9 చెక్ పాయింట్లు. చెక్ పాయింట్ల దగ్గర ఎత్తు తేడాలు, సెం.మీ.లల్ల:

+3, −2, +5, +4, −1, −4, +2, +6, +1

ఆర్ఎమ్ఎస్ఈ 3.5, సగటు +1.6. అడ్డంల 2.6. +6 వచ్చింది తుమ్మకంప పక్కన.

ఓడీఎం_ఉచితం
ప్లస్‌లూ మైనస్‌లూ చెరువంతా కలగాపులగంగా ఉన్నాయి, నడుమా అంచూ అన్న వరస లేదు. నాకైతే ఉబ్బు కనపడట్లేదు. +6 దగ్గర గడ్డి ఎత్తు వచ్చి ఉంటుంది, డీఎస్ఎమ్ కదా, నేల కాదు.

గొలుసు_లింకులు
9 పాయింట్లతో 3.5 అని రాసిస్తారా? ఏఎస్‌పీఆర్ఎస్ 2023 ప్రమాణం 30 చెక్ పాయింట్లు అడుగుతోంది.

ఆర్టీకే_రాజు
120 ఎకరాలకి 30 చెక్ పాయింట్లా? అవన్నీ తీసేలోపు టోటల్ స్టేషన్‌తో చెరువంతా చేసెయ్యొచ్చు.

గొలుసు_లింకులు
అదే కదా నేను మొదటి నుంచీ చెప్పేది.

కొలత_కామేశ్వరి
30 లేకపోతే ఆ ప్రమాణం పేరు చెప్పుకోకూడదు, అంతే. "9 చెక్ పాయింట్ల దగ్గర ఎత్తు ఆర్ఎమ్ఎస్ఈ 3.5 సెం.మీ., రోవర్ సొంత తప్పు 2 సెం.మీ. దాకా" అని ఉన్నదున్నట్టు రాయండి. తొమ్మిది అంకెలూ పాయింట్ల జాగాలతో సహా పట్టికలో పెట్టండి, తీసుకునేవాళ్లే చూసుకుంటారు. 9 చాలా, 20 కావాలా అన్నది నీళ్ల లెక్క ఎంత గట్టిగా కావాలన్న దాన్ని బట్టి. దాని మీద నేనూ గొలుసు గారూ ఇప్పుడు తేల్చుకోలేం.

మరొకటి. రిపోర్టులో కనపడేది మోడల్ తేడా. ఇచ్చేది ఆర్థో. కాబట్టి ఆ 9 మార్కర్లనీ ఆర్థో టిఫ్ మీదే క్యూజీఐఎస్‌లో దగ్గరగా వెళ్లి చూడండి. మీ 2.6 ఎక్కడిది, రిపోర్టుదా, ఆర్థో మీద కొలిచిందా?

మత్తడి_కాడ
...రిపోర్టుది.

కొలత_కామేశ్వరి
కొలిచి చెప్పండి. కట్ట మీద అతుకు గీత దగ్గర మరీ జాగ్రత్తగా చూడండి, అక్కడ రాతి కట్టడం వరసలు తెగి పక్కకి జరిగి ఉంటాయి.

మత్తడి_కాడ
తూము దగ్గర నిజంగనే ఒక రాయి సగమే ఉన్నది. అది మొన్నటి నుంచి అట్లనే ఉందనుకున్న.